టీకా వేసేటప్పుడు పాలిస్తుంటే పాప తక్కువ ఏడుస్తుందా? వచ్చే బుధవారం మాకు పదో వారం

పరకాల కోడలు (గురువారం, రాత్రి 9.40)
మాకు తొలి కాన్పు, ఆడపిల్ల. ఆరో వారం టీకాలకు ఒక దవాఖానకు తీసుకెళ్లాం, పేరు వద్దు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఒకరు రెండు కాళ్లూ పట్టుకున్నారు, ఇంకొకరు సూదులు వేశారు. రెండు తొడలకు రెండు, కుడి జబ్బకు ఒకటి. నేను ఏడుస్తానని మా అత్తమ్మ నన్ను బయటే కూర్చోబెట్టి తను లోపలికి వెళ్లింది. మా ఆయన ఎందుకో ఫోనులో వీడియో తీశాడు. నిన్న రాత్రి అది చూశాను. మొదటి సూది నుంచి పాప నోరు మూసే దాకా 4 నిమిషాల 50 సెకన్లు. మధ్యలో ఒకచోట గుక్కపెట్టి, శబ్దం కూడా రాకుండా ఎర్రబడిపోయింది.

పాలిస్తూ సూది వేయించవచ్చని మా చెల్లెలు చెబుతోంది. అత్తమ్మేమో పాలు గొంతుకు అడ్డం పడతాయని, పైగా చుక్కల మందు వేసే రోజు ముందూ వెనకా పాలివ్వకూడదని అంటోంది. ఎవరైనా చేయించారా? ఎలా కూర్చోవాలి? వచ్చే బుధవారం మా ఊరి సబ్‌సెంటర్‌లోనే వేయిద్దామనుకుంటున్నాం.

కాజీపేట తాత (గురువారం, రాత్రి 10.05)
అమ్మా, నేను ముగ్గురు మనవలకు దగ్గరుండి వేయించినవాణ్ణి. మూడు విషయాలు చెబుతాను. ఒకటి, పడుకోబెట్టనివ్వకు, ఒళ్లో కూర్చోబెట్టుకో. రెండు, మందు సీసాను అరచేతుల మధ్య రుద్ది కాస్త వెచ్చబెట్టమని సిస్టర్‌ను అడుగు, చల్లటి మందు ఎక్కువ మండుతుంది. మూడు, సూదికి ముందు నాలుక మీద చుక్క తేనె. మా మనవడు చప్పరిస్తూ ఉండగానే పని అయిపోయింది.

బుధవారం సిస్టర్ (గురువారం, రాత్రి 11.20)
తాతగారూ, మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండోదానివల్ల లాభం లేదు, చేతులతో రుద్ది వెచ్చబెట్టడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేయలేదు. చల్లగా ఉంచాల్సిన మందును నేను అరచేతుల్లో రుద్దుతూ కూర్చోను. మూడోది మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసి పేగుల్లో విషం తయారు చేయగలదు. మీ మనవడికి ఏమీ కాలేదంటే అది అదృష్టం.

పరకాల అమ్మా, నేను ఏఎన్‌ఎంను, ఈ పనిలో 19 ఏళ్లు అయింది. పాలిస్తూ వేయించవచ్చు. చుక్కల మందుకూ తల్లిపాలకూ గొడవ లేదు. పోలియో చుక్కలైనా, రోటా అయినా, ముందూ వెనకా పాలు ఆపాల్సిన పని లేదు. ఆపమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నాకు తెలుసు. కానీ చుక్కలు సూది కంటే ముందు వేయించుకో. ఏడుస్తున్న పిల్ల నోట్లో రోటా పోస్తే సగం బయటికి, సగం దగ్గులోకి పోతుంది.

నీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. పదో వారం సూది ఒక్కటే, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటా, అదీ ఎడమ తొడకు. మొదటిసారి ప్రయత్నించడానికి ఇంతకంటే తేలికైన రోజు దొరకదు.

ఇద్దరు పిల్లల తల్లి (శుక్రవారం, ఉదయం 6.15)
నా మాట కూడా వినండి. నేను చేసి చూశాను, మా వాడి విషయంలో అస్సలు పనిచేయలేదు. ఆకలేస్తుందేమోనని ఇంట్లో కడుపునిండా పాలిచ్చి బయలుదేరాం. అక్కడ గంట లైను. మా వంతు వచ్చేసరికి వాడు నిద్ర మత్తులో ఉన్నాడు. రొమ్ము నోట్లో పెడితే పట్టలేదు. పెదవులు ఆనించి ఊరుకున్నాడు, ఆ క్షణంలోనే సూది దిగింది. వాడు అరిచి తల వెనక్కి విసిరాడు. పాలూ లేవు, ప్రశాంతతా లేదు. పత్రికల్లో రాసేవాళ్లు లైన్లో నిలబడరు.

బుధవారం సిస్టర్ (శుక్రవారం, ఉదయం 7.05)
మీరు చెప్పినదాంట్లోనే కిటుకు ఉంది. పెదవులు ఆనించడం పాలు తాగడం కాదు. బిడ్డ నోరు పెద్దగా తెరిచి చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు లోపలికి తీసుకోవాలి, దవడ కదలాలి, గుటక వినపడాలి. గుటకలు వరసగా పడుతున్నాయంటే, అప్పుడు వేయాలి. నేనైతే ఒకటి రెండు నిమిషాలు ఆగుతాను. నోట్లో రొమ్ము ఉంది కదా అని వెంటనే గుచ్చేస్తే మీ వాడిలాగే జరుగుతుంది.

రెండోది ఆకలి. కడుపు నిండిన పిల్ల పట్టదు, ఆకలికి ఏడుస్తున్న పిల్ల కూడా సరిగా పట్టదు. రెండిటికీ మధ్య వేళ కావాలి. పరకాల అమ్మా, మీ పాప మామూలుగా ఎంత సేపటికొకసారి తాగుతుంది?

పరకాల కోడలు (శుక్రవారం, ఉదయం 8.30)
పగలు దాదాపు రెండు గంటలకొకసారి.

బుధవారం సిస్టర్ (శుక్రవారం, మధ్యాహ్నం 1.50)
అయితే సూది వేళకు గంటన్నర ముందు చివరి పాలు ఇచ్చేలా చూసుకో. లైను సంగతి నీ చేతుల్లో ఉండదు కాబట్టి ఆశా కార్యకర్తకు ముందే చెప్పు, "నా ముందు ఇద్దరు ఉన్నప్పుడు పిలువు, నేను పాలు పట్టడం మొదలుపెడతాను" అని. మా సెంటర్‌లో అలాగే చేస్తున్నాం. ఒక మూల కుర్చీ, దాని ముందు ఒక పాత చీర కట్టాం. చీర లేకముందు పదిమందిలో ఒకరు కూడా పాలివ్వడానికి ఒప్పుకునేవారు కాదు.

ఇప్పుడు కూర్చునే తీరు. ఇది చాలామందికి తెలియదు, సూది వేసేవాళ్లలో కూడా. నువ్వు ఎడమ రొమ్ము ఇస్తున్నావనుకో. పాప తల నీ ఎడమ మోచేతి మీద ఉంటుంది, పొట్ట నీ పొట్టకు ఆని ఉంటుంది, కాళ్లు నీ కుడి వైపుకి. అలా పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పాప ఏ తొడ పైకి వస్తుంది? ఎడమ తొడ. పెంటా వేసేది అక్కడే, తొడ మధ్య భాగంలో బయటి వైపు. కుడి రొమ్ము ఇస్తే కుడి తొడ పైకి వస్తుంది. ఒక దిండును పిల్లగా పెట్టుకుని చేసి చూడు, వెంటనే అర్థమవుతుంది. చాలామంది ఏదో ఒక రొమ్ము పట్టించి కూర్చుంటారు, కావలసిన తొడ కిందకు పోతుంది. సిస్టర్ పాపను తిప్పమంటుంది, పాప రొమ్ము వదిలేస్తుంది, ఏడుపు మొదలు. "పాలిస్తే కుదరదు" అని మావాళ్లు అనడం అక్కడినుంచే వచ్చింది.

కాబట్టి బుధవారం ఎడమ రొమ్మును దాచి ఉంచు. ఇంట్లో చివరిసారి కుడి రొమ్ము ఇచ్చి బయలుదేరు.

చెరువుగట్టు (శుక్రవారం, సాయంత్రం 5.30)
మా బాబుకు కూడా పెంటా వేశాక రాత్రంతా ఏడుపే అండి. పాలిచ్చినా ఆగలేదు, ఒళ్లు కాలిపోయింది. అంటే ఈ పద్ధతి పనిచేయదనే కదా?

పిల్లల డాక్టరు (శుక్రవారం, రాత్రి 9.10)
నేను హనుమకొండలో పిల్లల వైద్యుణ్ణి. చెరువుగట్టుగారూ, మీరు చెబుతున్నది వేరే ఏడుపు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది సూది గుచ్చిన ఆ నిమిషం, ఆ తర్వాత రెండు మూడు నిమిషాల గురించి. మీది పెంటాలోని కోరింత దగ్గు భాగం వల్ల కొన్ని గంటల తర్వాత వచ్చే జ్వరం, తొడ వాపు. దానికి పాలిచ్చే భంగిమతో సంబంధం లేదు. జ్వరం వస్తే బరువును బట్టి పారాసిటమాల్ చుక్కలు ఇస్తాం. అయితే టీకాకు ముందే "ఎందుకైనా మంచిది" అని ఇవ్వకండి. సూది నొప్పిని అది ఆపదు. పైగా ముందుగా ఇచ్చినప్పుడు కొన్ని టీకాలకు శరీరంలో తయారయ్యే రక్షణ కొంత తగ్గినట్టు 2009లో ఒక పెద్ద పరిశోధనలో తేలింది. ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఎత్తుకున్నా, పాలిచ్చినా ఆగకుండా మూడు గంటలకు పైగా ఏకధాటిగా ఏడిస్తే ఇంట్లో కూర్చోవద్దు, దవాఖానకు తీసుకెళ్లండి, ఏఎన్‌ఎంకు కూడా తెలియజేయండి.

పరకాల అమ్మగారికి అంచనా కోసం చెబుతున్నాను. నెల దాటిన పిల్లలకు పాలిస్తూ సూది వేసిన పరిశోధనలన్నిటినీ 2016లో ఒకచోట చేర్చి చూశారు. ఏడుపు సగటున 38 సెకన్లు తగ్గింది. ఏడుపే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. సూది దిగినప్పుడు అరుపు వస్తుంది. ఆ అరుపు తర్వాత ఎంత త్వరగా మళ్లీ రొమ్ము పట్టిందన్నదే తేడా. గొంతుకు అడ్డం పడడం అనే భయం సహజం, కానీ ఆ పరిశోధనల్లో అలాంటి ఘటన నమోదు కాలేదు. అరవడానికి నోరు తెరిచినప్పుడు పిల్ల రొమ్ము వదిలేస్తుంది, పాలు పక్కకు కారిపోతాయి. తల కాస్త ఎత్తుగా ఉంచితే చాలు.

ఇద్దరు పిల్లల తల్లి (శుక్రవారం, రాత్రి 9.45)
38 సెకన్ల కోసమా ఇంత హంగామా?

పిల్లల డాక్టరు (శుక్రవారం, రాత్రి 10.20)
అది సగటు. రెండు నిమిషాల ఏడుపులోంచి 38 సెకన్లు తీసేస్తే చిన్న విషయమేమీ కాదు. మీరు అనుకున్నంత ఖర్చు కూడా లేదు, ఒక కుర్చీ, ఒక చీర.

పత్తిచేను నాన్న (శనివారం, ఉదయం 7.40)
మా బాబు డబ్బా పాలు తాగుతాడు, నా భార్యకు ఆరోగ్యం బాగాలేక తల్లిపాలు ఆగిపోయాయి. ఇక్కడ అందరూ పాలివ్వమంటున్నారు, మాలాంటివాళ్ల సంగతేమిటి? మాకు 14వ వారం దగ్గర పడుతోంది. అసలు తండ్రి లోపలికి రావచ్చా?

బుధవారం సిస్టర్ (శనివారం, రాత్రి 8.00)
వచ్చి తీరాలి తమ్ముడూ. చేసేది చెబుతాను. కుర్చీలో వెన్ను ఆనించి కూర్చో. బాబును నీ ఛాతీకి ఛాతీ ఆనేలా ఎత్తుకో, కాళ్లు నీ నడుముకు అటూ ఇటూ, తల నీ భుజం మీద. ఒక చెయ్యి వీపు మీద, మెడకు ఆసరాగా. రెండో చేత్తో బాబు మోకాలు దగ్గర పట్టుకో, నొక్కవద్దు, కదలకుండా చాలు. ఇలా ఉంటే రెండు తొడలూ బయటి వైపున నాకు అందుతాయి, పిల్లవాణ్ణి తిప్పే పనే లేదు. సూది అయ్యాక వెంటనే లేచి నిలబడి ఊపుతూ నడువు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు అదిమి పట్టినప్పుడు సూది కంటే ముందే ఏడుపు మొదలవుతుంది, మీరే చూసి ఉంటారు. అది నొప్పి కాదు, బెదురు.

బట్టలు ముందే విప్పి ఉంచు. బిగుతు పైజామా మోకాలి దాకా లాగి, అది తొడ మీద కట్టులా బిగిసి ఉండగా సూది వేయమనేవాళ్లు వారానికి నలుగురైనా ఉంటారు.

పిల్లల డాక్టరు (శనివారం, రాత్రి 9.30)
దీనికి ఒకటి కలుపుతాను. తల్లిపాలు లేని పిల్లలకు సూదికి ఒకటి రెండు నిమిషాల ముందు 2 మిల్లీలీటర్ల చిక్కటి గ్లూకోజ్ ద్రావణం నాలుక మీద కొద్దికొద్దిగా పోస్తే నొప్పి తగ్గుతుందని గట్టి ఆధారాలున్నాయి. మా క్లినిక్‌లో చేస్తాం.

బుధవారం సిస్టర్ (శనివారం, రాత్రి 9.55)
డాక్టర్‌గారూ, మీ క్లినిక్‌లో మీరు కొలిచి పోస్తారు, సరే. నేను ఊళ్లో ఒకసారి "తీపి నీళ్లు పోస్తే ఏడవరు" అన్నానంటే మరుసటి రోజు నుంచి ప్రతి ఏడుపుకీ గ్లాసులో చక్కెర కలిపి పోస్తారు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని చెప్పే నోటితోనే ఇది ఎలా చెప్పను?

పిల్లల డాక్టరు (శనివారం, రాత్రి 10.15)
మీ ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ డబ్బా పాలు తాగే పిల్లవాడికి "తల్లిపాలు మాత్రమే" అన్న నియమం ఎలాగూ వర్తించదు కదా. దవాఖానలో, మా చేతుల మీదుగా అయితే తప్పు లేదన్నది నా అభిప్రాయం. ఇంటి దగ్గర వద్దు, అందులో మీతో ఏకీభవిస్తాను.

బుధవారం సిస్టర్ (శనివారం, రాత్రి 10.30)
నా సెంటర్‌లో మాత్రం పోయను.

నెలలు నిండాయి (ఆదివారం, ఉదయం 11.00)
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాకు ఇంకో మూడు వారాల్లో కాన్పు, బహుశా ఆపరేషన్ కావచ్చన్నారు. పుట్టగానే వేసే బీసీజీ, హెపటైటిస్ సూదుల సమయానికి నేను కూర్చోలేనేమో. అప్పుడు పాలు కూడా సరిగా రావు కదా. బిడ్డకు ఏం చేయాలి?

పిల్లల డాక్టరు (ఆదివారం, మధ్యాహ్నం 2.40)
ఆ వయసుకు మేము ఎక్కువగా వాడేది ఒంటికి ఒళ్లు ఆనించడమే. నెలలోపు పిల్లలకు దీని మీద మంచి ఆధారాలున్నాయి. బిడ్డకు డైపర్, టోపీ తప్ప ఏమీ లేకుండా మీ ఒట్టి ఛాతీ మీద బోర్లా, కాళ్లు ముడుచుకుని కప్ప ఉన్నట్టు పడుకోబెట్టాలి. ముఖం ఒక పక్కకు తిప్పి ముక్కు కనిపించేలా ఉంచాలి, వీపు మీద దుప్పటి కప్పాలి. మంచం తల వైపు కాస్త ఎత్తితే ఆపరేషన్ అయినవాళ్లు కూడా చేయగలరు. సూదికి పది పదిహేను నిమిషాల ముందే మొదలుపెట్టండి. సూది వేసేటప్పుడు ఛాతీ మీదినుంచి తీయవద్దు, అదే అసలు విషయం. బీసీజీకి ఎడమ జబ్బ, హెపటైటిస్‌కు ఎడమ తొడ, రెండూ పక్క నుంచి అందుతాయి. బిడ్డ రొమ్ము వెతుక్కుంటే పట్టనివ్వండి, ముర్రుపాలు రెండు చుక్కలైనా చాలు.

మీకు వీలుకాకపోతే బిడ్డ తండ్రి చొక్కా విప్పి కూర్చోవాలి. హెపటైటిస్ సూది 24 గంటల్లోపు పడాలి కాబట్టి మీరు కోలుకునేదాకా ఆగే వీలు ఉండదు.

కాజీపేట తాత (ఆదివారం, సాయంత్రం 4.10)
తేనె సంగతి మా కోడలికి చూపించాను, ఆమె నన్ను తిట్టింది. సరే, ఒప్పుకున్నాను. ఇంకో సందేహం. మా రోజుల్లో సూది గుచ్చి పిస్టన్ కొంచెం వెనక్కి లాగి, రక్తం వస్తుందో లేదో చూసి మందు ఎక్కించేవాళ్లు. మొన్న మా మనవరాలికి అలా చూడనే లేదు, గుచ్చి తీసేశారు. అది నిర్లక్ష్యం కాదా?

బుధవారం సిస్టర్ (ఆదివారం, రాత్రి 8.20)
కాదు తాతగారూ, ఇప్పుడు అదే పద్ధతి. పిల్లల తొడలో మేము వేసే చోట పెద్ద రక్తనాళాలు లేవు. వెనక్కి లాగి చూస్తే సూది కండలో ఎక్కువ సేపు ఉంటుంది, కదులుతుంది, అదే నొప్పి. గబుక్కున వేసి తీసిందంటే ఆ సిస్టర్‌కు పని తెలుసన్నమాట.

పరకాల కోడలు (బుధవారం, సాయంత్రం 6.50)
అయింది! వివరంగా రాస్తున్నాను.

చివరి పాలు తొమ్మిదింటికి, కుడి వైపు. సెంటర్‌కు పదింటికి చేరాం. ఆశా అక్కకు ముందే చెప్పాను కానీ అక్కడ మూల చీర లేదు, కుర్చీ కూడా కిటికీ పక్కన. మా అత్తమ్మే (అవును, ఆమే) తన కొంగు విప్పి అడ్డం పట్టుకుని నిలబడింది. ముందు చుక్కలు రెండు రకాలూ వేశారు, రోటా కొంచెం కక్కింది. ఎడమ రొమ్ము ఇచ్చాను. మొదట కళ్లు తెరిచి అటూ ఇటూ చూసింది, తర్వాత గుటకలు పడ్డాయి. నేను వేలు ఎత్తి సైగ చేశాను.

సూది వేసే ఆమెకు ఇది కొత్త. "పిల్ల కదిలితే నా చేతికి గుచ్చుకుంటుంది" అంది. మోకాలు నేను పట్టుకుంటానని చెప్పాక స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. సూది దిగినప్పుడు నేనే ఉలిక్కిపడ్డాను, పాప కాదు. పాప ఒక క్షణం తాగడం ఆపి, కళ్లు పెద్దవి చేసి, రొమ్ము వదిలి అరిచింది. కాస్త పైకెత్తి ముఖం నా చెంపకు ఆనించుకున్నాను. మళ్లీ రొమ్ము దగ్గరికి తెస్తే పట్టింది. మా ఆయన వీడియో ప్రకారం 50 సెకన్లు. ఆ తర్వాత అక్కడే అరగంట కూర్చోబెట్టారు, అందులో సగం సేపు నిద్రపోయింది. సాయంత్రం తొడ కొంచెం గట్టిపడింది, ఒళ్లు వెచ్చగా ఉంది, చికాకు చేస్తోంది. ఈ పూటకు అది మామూలే అన్నారు.

ఇద్దరు పిల్లల తల్లి (బుధవారం, రాత్రి 8.15)
మంచిదే. కానీ ఆరో వారం మూడు సూదులు, ఇప్పుడు ఒకటి. 4 నిమిషాల 50 సెకన్లను 50 సెకన్లతో పోల్చి పాలదే మహిమ అనడం సరికాదు.

పరకాల కోడలు (బుధవారం, రాత్రి 8.40)
మీరు చెప్పింది నిజం అక్కా. 14వ వారం మళ్లీ మూడు కదా, అప్పుడు చూద్దాం. సిస్టర్, ఆ రోజు రెండు తొడలూ, కుడి జబ్బా. మధ్యలో వైపు మార్చాల్సిందేనా?

బుధవారం సిస్టర్ (గురువారం, మధ్యాహ్నం 2.00)
ఒక్కసారి మార్చాలి. కుడి రొమ్ముతో మొదలుపెట్టు. అప్పుడు పాప కుడి చెయ్యి, కుడి తొడ రెండూ పైకి ఉంటాయి. జబ్బకు వేసే పోలియో సూది చర్మం పొరలో వేయాలి, మందు 0.1 మిల్లీలీటరే కానీ నెమ్మదిగా ఎక్కించాలి, చిన్న బుడిపె లేవాలి. అది పిల్ల కదలకుండా ఉన్నప్పుడే కుదురుతుంది, అందుకే ముందు అదే. తర్వాత కుడి తొడకు న్యుమోనియా సూది. అప్పుడు ఎడమ రొమ్ముకు మార్చి ఎడమ తొడకు పెంటా.

పిల్లల డాక్టరు (గురువారం, రాత్రి 9.50)
ఎక్కువ నొప్పిచ్చేది చివర వేయాలన్నది నియమం. విదేశాల్లో న్యుమోనియా సూదిని చివర వేస్తే మేలని తేలింది. కానీ అక్కడ వాడే కోరింత దగ్గు టీకా రకం వేరు, మన పెంటాలో ఉన్నది వేరు. మన దగ్గర ఏది ఎక్కువ మండుతుందో తేల్చి చెప్పలేను. సిస్టర్ చెప్పిన వరసలో వైపు ఒక్కసారే మారుతుంది కాబట్టి నేనూ దానికే ఓటేస్తాను.

పత్తిచేను నాన్న (శుక్రవారం, రాత్రి 9.00)
మాది అయింది. భుజం మీద ఎత్తుకునే వేయించాను. ముగ్గురు ఆడవాళ్లు నవ్వారు, పరవాలేదు. మొదటి రెండింటికీ చిన్న కేక, నడిస్తే ఆగింది. మూడోదానికి బాగా ఏడ్చాడు. గ్లూకోజ్ అడగలేదు, అక్కడ లేదు కూడా.

పరకాల కోడలు (నాలుగు వారాల తర్వాత, బుధవారం, రాత్రి 7.30)
14వ వారం అయింది. ఈసారి అనుకున్నంత సాఫీగా జరగలేదు.

కుడి రొమ్ము, జబ్బ సూది: పాప తాగుతూనే ఉంది, చెయ్యి ఒక్కసారి గుంజింది, అంతే. కుడి తొడ: అరుపు, కానీ అర నిమిషంలోపే మళ్లీ పట్టింది. తర్వాత ఎడమ వైపుకు మార్చబోతే రొమ్ము ముట్టనే లేదు, తల అటూ ఇటూ తిప్పి ఏడుపు. సిస్టర్ తొందరపెట్టకుండా ఇంకో బాబుకు వేసి వచ్చింది. నేను లేచి నడిచాను. మూడు నిమిషాలు పట్టింది, అప్పుడు తాగింది. పెంటాకు గట్టిగానే ఏడ్చింది, నిమిషం పైనే. మొత్తం ఏడుపు కలిపితే దాదాపు రెండున్నర నిమిషాలు. మూడు సూదులకు మూడు సూదులు అక్కా, ఇప్పుడు పోల్చవచ్చా?

ఇద్దరు పిల్లల తల్లి (బుధవారం, రాత్రి 8.05)
పిల్ల రెండు నెలలు పెద్దదైంది, సిస్టర్ కూడా మారింది. అయినా సగం తగ్గింది, ఒప్పుకుంటాను. మా చిన్నవాడికి తొమ్మిదో నెల వస్తోంది, పైన రెండు కింద రెండు పళ్లు. వాడికి పాలిస్తూ సూది వేయించే ధైర్యం మాత్రం నాకు లేదు.

బుధవారం సిస్టర్ (బుధవారం, రాత్రి 9.15)
పళ్లుంటే నేను కూడా చెప్పను. సూదికి ముందు పాలివ్వండి, ఆపి, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి, అయ్యాక మళ్లీ ఇవ్వండి. ఆ వయసుకు తాళంచెవుల గుత్తి కూడా బాగా పనిచేస్తుంది.

నెలలు నిండాయి (బుధవారం, రాత్రి 11.30)
ఆలస్యంగా చెబుతున్నాను. బాబు పుట్టి పదకొండు రోజులు, ఆపరేషనే అయింది. హెపటైటిస్ సూదికి నేను మత్తులో ఉన్నాను, మా ఆయన చొక్కా విప్పి కూర్చున్నాడట. వార్డు నర్సు మొదట ఒప్పుకోలేదు, తర్వాత దుప్పటి ఆమే తెచ్చి కప్పిందట. బీసీజీ నా ఛాతీ మీదే. బాబు మూలిగాడు, పిడికిలి బిగించాడు, మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు. ఇప్పుడు ఆరో వారానికి ఏ రొమ్ముతో మొదలుపెట్టాలో కాగితం మీద బొమ్మ గీసుకుంటున్నాను. మొదట కుడి, తర్వాత ఎడమ, ఇంతేనా సిస్టర్?

బుధవారం సిస్టర్ (గురువారం, ఉదయం 6.40)
అంతే. ఇంట్లో చివరి పాలు ఎటు ఇచ్చావో కూడా ఆ కాగితం మీదే రాసుకో.